లేఆఫ్ తర్వాత మొదట తేల్చుకోవాల్సింది: డబ్బు ఏ తారీఖు దాకా వస్తుంది?

ఉద్యోగం పోయిందని తెలిసిన రాత్రే రెజ్యూమె తెరిచి, కనిపించిన ప్రతి ప్రకటనకీ అప్లై చేసేయమని చాలామంది చెబుతారు. ఖాళీగా కూర్చుంటే టెన్షన్ పెరుగుతుంది, ఏదో ఒకటి చేస్తూ ఉండు అంటారు. మన మంచి కోరే చెబుతారు. అయినా నేను ఈ సలహాతో ఏకీభవించను. మొదటి వారంలో అప్లికేషన్లు పక్కన పెట్టి కాగితాలూ లెక్కలూ చూసుకోవాలన్నది నా వాదన. ఎందుకంటే ఇంటర్వ్యూలో మన గొంతు నిలకడగా ఉంటుందా లేదా, తక్కువ జీతం ఆఫర్ వస్తే కాదనగలమా లేదా, ఎవరికి ఎప్పుడు ఫోన్ చేయాలి అన్నవన్నీ ఒకే విషయం మీద ఆధారపడి ఉంటాయి: చేతిలో ఉన్న డబ్బు ఏ తారీఖు దాకా ఇల్లు నడుపుతుంది? అది తెలియనివాళ్లకి ప్రతి ఇంటర్వ్యూ చివరి అవకాశంలాగే అనిపిస్తుంది, ఆ భయం అవతలివాళ్లకి తెలిసిపోతుంది. నేను లేఆఫ్ అయినవాణ్ణే, ఆ తర్వాత ఇంటర్వ్యూలు చేసే వైపూ కూర్చున్నాను కాబట్టి ఇది రెండు వైపుల నుంచీ చూసి చెబుతున్న మాట.

ముందు కాగితాల సంగతి, ఎందుకంటే అది ఆగదు. సిస్టమ్ యాక్సెస్ కొన్నిచోట్ల గంటల్లో పోతుంది. పే స్లిప్పులు, పన్ను కాగితాలు, ఆఫర్ లెటర్, ఇంకా రావాల్సిన ఖర్చుల బిల్లులు, కలిసి పనిచేసినవాళ్ల సొంత ఫోన్ నంబర్లు, ఇవన్నీ మనవి, వీటిని దగ్గర పెట్టుకోవాలి. కంపెనీ కోడ్, కస్టమర్ల వివరాలు, అంతర్గత డాక్యుమెంట్లు మాత్రం ఒక్కటి కూడా బయటికి పంపకూడదు, మనం స్వయంగా రాసినవైనా సరే. ఆ ఒక్క కారణంతో సెటిల్‌మెంట్ ఆపేసే సాకు వాళ్ల చేతికి ఇచ్చినట్టవుతుంది.

తర్వాత సంతకం పెట్టమని ఇచ్చే ఒప్పందం. దాని మీద ఆ గదిలోనే సంతకం పెట్టకండి. "ఇంటికెళ్లి చదువుకుని ఇస్తాను, ఎప్పటిలోగా ఇవ్వాలి?" అని అడిగితే ఎవరూ తప్పు పట్టరు. ఇంటికొచ్చాక అందులో చూడాల్సినవి: డబ్బు ఏ తారీఖున పడుతుంది, వాడని సెలవుల డబ్బు అందులోనే కలిపారా వేరే ఇస్తారా, కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా ఏ రోజుతో ఆగిపోతుంది, పోటీ కంపెనీల్లో చేరకూడదన్న షరతు ఏమైనా ఉందా. స్టాక్ ఆప్షన్లు ఉన్నవాళ్లు ఇంకోటి చూడాలి. అప్పటికే వెస్ట్ అయినవాటిని, అంటే మన హక్కులోకి వచ్చేసినవాటిని, కొనుక్కోవడానికి చాలా ప్లాన్లలో 90 రోజులే గడువు ఉంటుంది, అది దాటితే అవి పోయినట్టే.

ఇక్కడ ఒకచోట మాత్రం గట్టిగా నిలబడాలి. కొన్ని కంపెనీలు లేఆఫ్ చేస్తూనే "మీరే రాజీనామా చేసినట్టు పెట్టండి, రికార్డు బాగుంటుంది" అంటాయి. వినడానికి బాగానే ఉంటుంది. కానీ నిరుద్యోగ భృతి ఉన్న చోట్ల సొంతంగా మానేసినవాళ్లకి అది రాకపోవచ్చు, తీసేసేటప్పుడు కంపెనీ ఇచ్చే సొమ్ముకి, అంటే సెవరెన్స్‌కీ అదే అడ్డం పడొచ్చు. రాజీనామా రాసే ముందు దానివల్ల మనకి ఏం వస్తుందో, ఏం పోతుందో ఈమెయిల్‌లో అడిగి, జవాబు కూడా ఈమెయిల్‌లోనే తీసుకోవాలి. భృతికి అప్లై చేసే అవకాశం ఉన్నవాళ్లు అది మొదటి వారంలోనే చేసేయాలి, ఎందుకంటే చాలాచోట్ల అప్లై చేసిన రోజు నుంచే లెక్కిస్తారు తప్ప ఉద్యోగం పోయిన రోజు నుంచి కాదు.

ఇక లెక్క. దీన్ని నాకు బాగా తెలిసిన ఒక స్నేహితురాలి విషయంలో చూద్దాం. ఆమె టెస్టింగ్ లీడ్. కంపెనీ వాళ్ల ప్రాడక్టును మూసేస్తే టీమ్ మొత్తం బయటికొచ్చింది. అసలు అంకెలు అనవసరం, ఆమె తన నెల ఖర్చు అనుకున్నదాన్ని 100గా పెట్టుకుందాం. ఆ లెక్కన చేతికొచ్చే జీతం 140. ఖర్చుల్లో ఇంటి అద్దె 30, లోన్ ఈఎంఐ 15, తిండీ ఇంటి సామానూ 22, పిల్లవాడి ఫీజు 8, బీమా 5, ప్రయాణాలు 6, ఫోన్లూ ఇంటర్నెట్టూ 4, బయటి తిండీ షాపింగూ అన్నీ కలిపి 10.

కూడితే 100 సరిగ్గా వచ్చింది. కానీ ఆమె గత 12 నెలల బ్యాంక్ స్టేట్‌మెంట్ తెరిచి చూస్తే నెలవారీ కాని ఖర్చులు బయటపడ్డాయి: ఏడాదికోసారి కట్టే బండి బీమా, రిపేర్లు, డాక్టరు ఫీజులు, ఒక సబ్‌స్క్రిప్షన్ రెన్యువల్. ఏడాదికి మొత్తం 60, అంటే నెలకి 5. అసలు ఖర్చు 105 అన్నమాట. ఈ భాగం దాదాపు అందరి బడ్జెట్లోనూ జారిపోతుంది, అందుకే గుర్తున్నవి రాసుకోవడం కాకుండా స్టేట్‌మెంట్ పట్టుకుని కూర్చోవాలంటాను. మూడు నెలలవి చూస్తే చాలదు, 12 నెలలవి కావాలి.

తర్వాత కోతలు. బయటి తిండి, షాపింగ్ 10 నుంచి 2కి తెచ్చింది. ప్రయాణాలు సగమయ్యాయి, 3. తిండి 20, ఫోన్లు 3. అద్దె, ఈఎంఐ, ఫీజు కదలవు. బీమా మాత్రం 5 నుంచి 9కి పెరిగింది, ఎందుకంటే కంపెనీ కవర్ పోయాక కుటుంబానికి సొంతంగా పాలసీ తీసుకోవాల్సి వచ్చింది. ఏడాది ఖర్చుల వాటా 5 అలాగే ఉంది. మొత్తం 95.

ఇంత కష్టపడి తగ్గిస్తే తగ్గింది పదే. ఇది ఆమె ఒక్కదాని కథ కాదు, అద్దె, ఈఎంఐ, ఫీజు ఉన్న ఏ ఇంట్లోనైనా ఖర్చులో సగానికి పైగా మన చేతిలో ఉండదు. అందుకే లేఆఫ్ కాగానే ఇంట్లో ప్రతి చిన్న ఖర్చు మీదా గొడవపడటం నాకు నచ్చదు. దానివల్ల వచ్చేదెంతో ముందు లెక్క వేయండి. ఆమె దగ్గర నాలుగైదు రోజుల్లో తీసుకోగలిగిన డబ్బు 380 ఉంది. పన్ను పోను సెటిల్‌మెంట్ 170 రావాలి. మొత్తం 550. పాత ఖర్చుతో 5.2 నెలలు, తగ్గించిన ఖర్చుతో 5.8 నెలలు. కోతలన్నిటికీ దొరికింది అర నెలకి కాస్త ఎక్కువ. అది వద్దని కాదు, కానీ దాని కోసం ఇంట్లో రోజూ మాటా మాటా అనుకోవాల్సిన అవసరం లేదు. ఒకరోజు కూర్చుని నిర్ణయించుకుని, మళ్లీ నెలాఖరుకి చూసుకుంటే సరిపోతుంది.

చేతిలో ఉన్న డబ్బు అన్నప్పుడు కొంచెం కఠినంగా ఉండాలి. రిటైర్మెంట్ నిధిని ఇందులో కలపకూడదు. షేర్లు ఉంటే ఈరోజు ధరకి కాకుండా బాగా తగ్గించి లెక్కపెట్టుకోవాలి, మనకి డబ్బు అవసరమైన రోజునే అవి పడిపోయి ఉండొచ్చు. సెటిల్‌మెంట్ అకౌంట్లో పడేదాకా దాన్నీ పక్కనే ఉంచాలి. అలా చూస్తే ఆమెకి మొదటిరోజు ఉన్నది 380 మాత్రమే, అంటే సరిగ్గా నాలుగు నెలలు. ఆమె ఆ నాలుగుతోనే మొదలుపెట్టింది. డబ్బు రెండో నెల చివర వచ్చాక 5.8కి మార్చుకుంది. ముందే 5.8 అనుకుని ఉంటే చెల్లింపు ఆలస్యమైన ఆ వారాలన్నీ భయంతో గడిచేవి.

చాలామంది చేసే ఇంకో పని, సెవరెన్స్ చేతికి రాగానే దాన్ని లోన్‌కి కట్టేయడం. అప్పు తగ్గితే ప్రశాంతంగా ఉంటుందన్న ఆలోచన నాకు అర్థమవుతుంది. కానీ అసలులో కొంత కట్టినంత మాత్రాన వచ్చే నెల ఈఎంఐ ఆగదు, చేతిలో ఉన్న నగదు మాత్రం వెళ్లిపోతుంది, ఉద్యోగం లేని మనిషికి కొత్త అప్పు పుట్టడం కష్టం. క్రెడిట్ కార్డు బాకీ దీనికి మినహాయింపు. దాని వడ్డీ ఎంత ఎక్కువంటే ఆ బాకీని మోస్తూ పొదుపులో డబ్బు పెట్టుకోవడంలో అర్థం లేదు, దాన్ని తీర్చేయాలి. లోన్ విషయంలో ఈఎంఐ తప్పకముందే బ్యాంకుతో మాట్లాడి వాయిదా తగ్గించమనో, గడువు పెంచమనో అడగొచ్చు. ఒక్కసారి తప్పాక అడిగితే వాళ్ల జవాబు వేరుగా ఉంటుంది.

కోతల కంటే ఎక్కువ పనిచేసింది చిన్న రాబడి. మూడో నెల నుంచి ఆమె వారానికి కొన్ని గంటల కాంట్రాక్ట్ పని పట్టుకుంది, నెలకి 25 వచ్చేది, అంటే పాత జీతంలో ఆరో వంతు కంటే కొంచెం ఎక్కువ. మొదటి రెండు నెలల్లో 190 ఖర్చయ్యి 360 మిగిలింది. ఆపైన నెలకి చేతి నుంచి పోయేది 95 బదులు 70. అలా 5.8 నెలలు కాస్తా ఏడు దాటాయి. అన్ని కోతలూ కలిసి ఇచ్చినదానికి ఇది రెట్టింపు కంటే ఎక్కువ. అయితే ఇలాంటి పని ఒప్పుకునే ముందు భృతి మీద దాని ప్రభావం ఏమిటో, ఒప్పందంలో దానికి అడ్డం ఏమైనా ఉందో చూసుకోవాలి. వారంలో సగానికి మించి సమయం తినేస్తుంటే ఉద్యోగం వెతకడానికి మనకి దొరికిన సమయాన్నే అది తినేస్తోందని అర్థం.

ఇప్పుడు నెలల్ని తారీఖులుగా మార్చాలి, వెనక నుంచి ముందుకి. డబ్బు 5.8 నెలలు వస్తుందంటే 5.8 నెలల్లో ఉద్యోగం దొరికితే చాలని కాదు. చేరిన నెల తర్వాత గాని మొదటి జీతం రాదు. ఆఫర్ వచ్చాక చేరడానికి ఒకట్రెండు వారాలు. కాబట్టి నాలుగో నెల దాటగానే ఆఫర్ చేతిలో ఉండాలి. మొదటి ఫోన్ కాల్ నుంచి ఆఫర్ దాకా నాలుగు నుంచి ఆరు వారాలు పట్టడం మామూలే. అంటే మూడో నెల మధ్యకల్లా గట్టి ఇంటర్వ్యూలు నడుస్తూ ఉండాలి. ఆమె క్యాలెండర్లో ఆ తారీఖు దగ్గర ఇలా రాసుకుంది: ఈరోజుకి ఒక్క చోట కూడా రెండో రౌండు దాటకపోతే, వెతికే పద్ధతి మార్చాలి. ఫోన్లే రాకపోతే లోపం రెజ్యూమెలోనో ఎంచుకుంటున్న ఉద్యోగాల్లోనో ఉంది. మొదటి రౌండులోనే ఆగిపోతుంటే చెప్పే తీరులో ఉంది. చివరి రౌండు దాకా వెళ్లి పోతుంటే పోటీ, జీతం, లేదా రిఫరెన్సుల వైపు చూడాలి. ఈ తేడా పట్టుకోకుండా అప్లికేషన్ల సంఖ్య పెంచుకుంటూ పోతే అలసట తప్ప ఏమీ మిగలదు.

నా వాదనకి ఎదురు చెప్పేవాళ్లూ ఉన్నారు, వాళ్లు చెప్పేదాంట్లో న్యాయం ఉంది. ఒకేసారి వందలమందిని తీసేసినప్పుడు అందరూ అవే ఉద్యోగాలకి పోటీపడతారు, ఆలస్యం చేస్తే వెనకబడతాం కదా అంటారు. నిజమే. ఆ మొదటి రోజుల్లో రిక్రూటర్లు వాళ్లంతట వాళ్లే ఫోన్ చేస్తారు. వాళ్లకి తప్పకుండా జవాబివ్వండి, రెజ్యూమె పంపండి, కాల్ మాత్రం వచ్చే వారానికి పెట్టమనండి. నేను వద్దంటున్నది వచ్చిన పిలుపులకి జవాబివ్వడం కాదు, మనకి బాగా తెలిసిన మనుషుల్ని మొదటి రాత్రే కంగారులో అడిగేయడం. ఒక మాజీ మేనేజర్ మన తరఫున ఒకసారి గట్టిగా మాట్లాడతారు, రెండు వారాల తర్వాత "అది కాదు సార్, అసలు నాకు కావాల్సింది వేరే" అంటే మళ్లీ అదే ఉత్సాహం ఉండదు. ఉద్యోగం పోతే వీసా గడువు మొదలయ్యేవాళ్ల సంగతి మాత్రం వేరు, వాళ్లకి గడియారం డబ్బు కాదు, ఆ గడువు. వాళ్లు మొదటిరోజు నుంచే వెతకాలి.

రెండో వారంలో మనుషుల జాబితా. పాత సహోద్యోగులు, వేరే కంపెనీలకి వెళ్లిన మేనేజర్లు, కలిసి పనిచేసిన క్లయింట్లు. "ఏదైనా ఉంటే చెప్పు" అని పంపితే దాదాపు అందరూ "తప్పకుండా" అంటారు, అక్కడితో ఆగిపోతుంది, ఎందుకంటే మనం వాళ్లకి చేయడానికి ఏ పనీ ఇవ్వలేదు. నా స్నేహితురాలు పంపిన మెసేజ్ ఇలా ఉంది: "అనితా, మా ప్రాడక్టు మూసేయడంతో టీమంతా బయటికొచ్చాం. నేను టెస్ట్ ఆటోమేషన్ లీడ్ పనులు చూస్తున్నాను. మీ పేమెంట్స్ టీమ్‌లో ఒక ఓపెనింగ్ కనిపించింది. ఆ టీమ్ మేనేజర్ ఎలాంటి మనిషిని వెతుకుతున్నారో నీకు తెలిస్తే ఈ వారం పది నిమిషాలు మాట్లాడగలవా?" పేరు మార్చాను, మిగతాదంతా అదే. ఏం జరిగింది, ఏం కావాలి, వాళ్లు చేయాల్సిన చిన్న పని ఏమిటి, మూడూ ఉన్నాయి. జాలి అడగలేదు.

ఇక ఇంటర్వ్యూలో ఆ ప్రశ్న. "అక్కడ ఎందుకు మానేశారు?" ఆమె మొదట నాతో చెప్పి చూసుకున్న జవాబు ఇలా నడిచింది: "నిజానికి మాకు ముందు ఏమీ చెప్పలేదండీ, అంతకుముందే నాకు మంచి రేటింగ్ ఇచ్చారు, మేనేజర్ కూడా భయం లేదన్నారు, తర్వాత ఒక్కసారిగా మీటింగ్ పెట్టి..." ప్రతి మాటా నిజమే. కానీ ఇంటర్వ్యూ చేసే వైపు కూర్చుంటే అందులో వినిపించేది బాధ, దాని వెనకే ఇంకో నాలుగు ప్రశ్నలు పుడతాయి, ఇరవై నిమిషాల ఇంటర్వ్యూలో ఆరేడు నిమిషాలు పాత కంపెనీ మీదే పోతాయి. ఆ సమయంలో ఆమె చేసిన మంచి పని ఒక్కటీ బయటికి రాదు.

చివరికి నిలిచింది ఇది: "కంపెనీ ఆ ప్రాడక్టును ఆపేసిందండీ, మా టీమ్ మొత్తాన్నీ తీసేశారు, అందులో నేనూ ఉన్నాను. అప్పటిదాకా నేను ఎనిమిదిమంది టెస్టర్ల టీమును చూసుకునేదాన్ని, రిలీజ్‌కి ముందు చేత్తో చేసే టెస్టింగులో సగానికి పైగా ఆటోమేషన్‌లోకి తెచ్చాం. మీ దగ్గర ఆ పని ఇప్పుడే మొదలవుతోందని ప్రకటనలో చూశాను, అందుకే అప్లై చేశాను." అంతే, అర నిమిషం. తర్వాత ఆగిపోవాలి. కష్టమంతా ఆ ఆగడంలోనే ఉంది. అవతలివాళ్లు నోట్సు రాసుకుంటూ రెండు క్షణాలు మౌనంగా ఉంటే మనం కంగారుపడి "అంటే, నా తప్పేమీ లేదు గానీ..." అని మొదలుపెడతాం. జవాబు పూర్తయ్యాక కూడా మాట్లాడుతున్నామంటే అది ఇంకా సిద్ధం కానట్టే. ఇంట్లోవాళ్లనో స్నేహితుల్నో ఎదురుగా కూర్చోబెట్టుకుని, చెప్పాక మౌనంగా ఉండగలిగేదాకా గట్టిగా పలికి చూసుకోవాలి. కాగితం మీద రాసుకుంటే చాలదు, గొంతు ఎక్కడ వణుకుతుందో పైకి చెబితేనే తెలుస్తుంది.

టీమ్ మొత్తాన్ని కాకుండా కొందరినే తీసేసినప్పుడు "మిమ్మల్నే ఎందుకు?" అన్న ప్రశ్న వస్తుంది. దానికి కారణం ఊహించి చెప్పకూడదు. "ఎవరిని ఎలా ఎంచుకున్నారో మాకు చెప్పలేదండీ. మా మేనేజర్ నా పని గురించి మాట్లాడటానికి ఒప్పుకున్నారు, కావాలంటే నంబర్ ఇస్తాను" అంటే చాలు. దీనికి ముందే ఆ మేనేజర్‌ని అడిగి ఉంచుకోవాలి, బయటికొచ్చిన మొదటి వారాల్లో అడిగితే సాధారణంగా కాదనరు. పని బాగోలేదని తీసేసిన సందర్భాన్ని లేఆఫ్ అని చెప్పొద్దు. ఉద్యోగం లేని ఖాళీ కనబడకుండా తారీఖులు కూడా జరపొద్దు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్లో చేరిన తారీఖు, వదిలిన తారీఖు మొదట చూసేవే. ఖాళీ ఉన్నందుకు ఆఫర్లు పోవడం నేను పెద్దగా చూడలేదు, తారీఖులు కలవనందుకు పోవడం చూశాను.

జీతం దగ్గరికి వచ్చేసరికి లెక్క మళ్లీ పనికొస్తుంది. ఆమెకి మూడో నెలలో ఒక ఆఫర్ వచ్చింది, చేతికి 105. ఇంతకుముందు 140. ఇంట్లో కొందరు "ఇప్పుడు వచ్చిందే గొప్ప" అన్నారు. కానీ మామూలు రోజుల ఖర్చే 105, అంటే ఆ జీతంతో ఒక్క రూపాయి పొదుపు కూడా ఉండదు, ఇంకో లేఆఫ్ వస్తే ఈసారి నాలుగు నెలలు కూడా నిలవలేరు. పైగా అప్పటికి ఇంకో నాలుగు నెలల పైన డబ్బు ఉంది, రెండు చోట్ల రెండో రౌండు దాటింది. ఒక వారం గడువు అడిగింది, ఆ వారంలో మిగతా రెండు చోట్లా "నా దగ్గర ఒక ఆఫర్ ఉంది, మీ నిర్ణయం ఎప్పటికి తెలుస్తుంది?" అని మర్యాదగా అడిగింది, తర్వాత ఆ ఆఫర్‌ని కాదంది. అదే ఆఫర్ అయిదో నెలలో వచ్చి ఉంటే తీసుకోమనే నేను చెప్పేవాణ్ణి, ఆమె కూడా తీసుకునేది. ఆఫర్ అదే, తారీఖు మారితే సరైన జవాబూ మారుతుంది.

నాలుగో నెల చివర 135కి ఒకటి కుదిరింది. చేరాక మొదటి జీతం వచ్చినా ఆమె ఖర్చుని 105కి పెంచలేదు. ప్రొబేషన్ ఆరు నెలలూ 95లోనే ఉండి, నెలకి 40 చొప్పున పక్కన పెట్టి, ఖాళీ అయిన పొదుపుని మళ్లీ నింపడం మొదలుపెట్టింది. సొంత బీమా పాలసీని మాత్రం కొత్త కంపెనీ కవర్ వచ్చాక కూడా ఆపలేదు.